సీడీసీ ఎంట్రీ, సీ సర్వీస్ లెటర్ అసలువో కావో షిప్పింగ్ కంపెనీ ఎలా పట్టుకుంటుంది: మీ కాగితాలు మీరే ముందుగా చెక్ చేసుకునే పద్ధతి

గుంటూరు, తెనాలి, విజయవాడ వైపు నుంచి మర్చంట్ నేవీకి వెళ్ళే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు, మనకేమో ఇక్కడ షిప్పింగ్ ఆఫీస్ లేదు, ఏదన్నా డౌట్ వస్తే బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకున్నాయన చెప్పిందే వేదం. నేను కొన్నేళ్ళు షిప్పులకి మనుషుల్ని పంపే ఒక మానింగ్ ఆఫీసులో డాక్యుమెంట్ సెక్షన్‌లో పనిచేశాను, నా పనే వచ్చిన సీడీసీలు, అంటే సీమన్ ఏ షిప్‌లో ఎన్నాళ్ళు చేశాడో రాసే బుక్కులు, పాత కంపెనీలిచ్చే సీ సర్వీస్ లెటర్లు ముందేసుకుని కూర్చుని ఇవి నిజమా కాదా తేల్చడం. బల్ల అవతలి వైపు ఏం జరుగుతుందో తెలిస్తే మీ ఫైల్ మీరే సరి చూసుకోవచ్చు కదా అని రాస్తున్నా. కోర్సులు ఏం చేయాలి, సీడీసీకి ఎలా అప్లై చేయాలి అనేది ఇందులో లేదు. సీడీసీ చేతిలో ఉంది, లోపల ఒకటో రెండో ఎంట్రీలు ఉన్నాయి, కొత్త కంపెనీకి ఇవ్వబోతున్నారు, అక్కడి నుంచి మొదలు.

ముందు ఒక్క ముక్క. సీడీసీ బుక్కే నకిలీ అయ్యే కేసులు నేను చూసింది తక్కువ. బుక్ నిజమైనదే, ప్రభుత్వం ఇచ్చిందే, పదేళ్ళ వాలిడిటీ ఉన్నదే, లోపల వేసిన ఎంట్రీ అబద్ధం, ఇదే ఎక్కువ. మనిషి షిప్ ఎక్కలేదు, స్టాంపు మాత్రం పడింది. దీన్ని మా ఫీల్డ్‌లో పేపర్ జాయినింగ్ అంటారు. అందుకే చెక్ చేసేవాడు కాగితం నాణ్యత మీద పెద్దగా టైమ్ పెట్టడు. ఆ ఎంట్రీకి సంబంధించి మీ చేతుల్లో లేని చోట్ల, అంటే డీజీ షిప్పింగ్ రికార్డు, ఇమిగ్రేషన్ స్టాంపు, షిప్ చరిత్ర, పాత కంపెనీ ఫైలు, వీటిల్లో ఏం రాసుందో చూస్తాడు.

అర్థమవడానికి ఒక కేసు పెట్టుకుందాం. పేర్లు, తేదీలు నేను అల్లినవే, ఫైల్ తీరు మాత్రం ఇలాంటివి బోలెడు చూశాను. తెనాలి కుర్రాడు, సురేష్ అనుకోండి, ఆర్డినరీ సీమన్, అంటే ఓఎస్‌గా చేశాడు, సీడీసీలో రెండు ఎంట్రీలు. మొదటిది బల్క్ క్యారియర్, 2022 మార్చి 14న సింగపూర్‌లో సైన్ ఆన్, డిసెంబర్ 9న పారాదీప్‌లో సైన్ ఆఫ్. రెండోది టగ్, 2023 మార్చి 5న షార్జాలో సైన్ ఆన్, 2024 ఫిబ్రవరి 2న అక్కడే సైన్ ఆఫ్. రెండిటికీ సీ సర్వీస్ లెటర్లు ఉన్నాయి. చూడ్డానికి ఫైల్ నీట్‌గా ఉంది.

స్టెప్ 1: ఎంట్రీని, లెటర్‌ని పక్కపక్కన పెట్టి చదవండి

సీడీసీలో ప్రతి ఎంట్రీకి షిప్ పేరు, ఐఎంఓ నంబర్ లేదా అఫీషియల్ నంబర్, పోర్ట్ ఆఫ్ రిజిస్ట్రీ, టన్నేజ్, ఇంజిన్ పవర్, సైన్ ఆన్ తేదీ ఊరు, సైన్ ఆఫ్ తేదీ ఊరు, ర్యాంక్, చివర్లో మాస్టర్ సంతకం, షిప్ స్టాంపు ఉంటాయి. సీ సర్వీస్ లెటర్‌లో ఇవే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉంటాయి, మీ ఇండోస్ నంబర్, సీడీసీ నంబర్ కూడా వేస్తారు. ఒక్కో గడి వేలు పెట్టి పోల్చండి. నేను అలాగే చేసేవాణ్ణి.

సురేష్ మొదటి ఎంట్రీలో ఇక్కడే ఒక తేడా దొరుకుతుంది. సీడీసీలో సైన్ ఆఫ్ డిసెంబర్ 9, లెటర్‌లో డిసెంబర్ 10. చాలామంది ఇది చూసి కంగారు పడి పెన్ను తీస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఇలా ఎందుకొస్తుందంటే జీతం ఇంటికి చేరేదాకా లెక్కేస్తారు చాలా కంపెనీల్లో, లెటర్ టైప్ చేసే క్లర్కు పేరోల్ చూసి తేదీ వేసేస్తాడు. సీ సర్వీస్ మాత్రం షిప్ మీద ఉన్న రోజుల వరకే. 14 మార్చి నుంచి 9 డిసెంబర్ దాకా రెండు తేదీలూ కలుపుకుని 8 నెలల 26 రోజులు, అంటే 271 రోజులు. లెటర్ ప్రకారం 272. ఒక్క రోజు తేడా అని ఎవరూ ఫ్రాడ్ అనరు, కానీ కారణం చెప్పలేకపోతే అవతలివాడు మిగతా ఫైల్‌ని కూడా అనుమానంగా చూడ్డం మొదలెడతాడు. ఆ లెటర్ ఎలా సరిచేయించాలో చివర్లో చెప్తా.

స్టాంపు కూడా చదవండి, స్టాంపుని చదవరు చాలామంది. అందులో షిప్ పేరు కింద పోర్ట్ ఆఫ్ రిజిస్ట్రీ ఉంటుంది, అది ఫ్లాగ్‌తో కుదరాలి. లైబీరియా ఫ్లాగ్ అయితే మన్రోవియా, మార్షల్ ఐలాండ్స్ అయితే మజురో అని ఉంటుంది. లెటర్‌లో మార్షల్ ఐలాండ్స్ ఫ్లాగ్ అని రాసి స్టాంపులో పనామా అని ఉందంటే ఇంకేదో కథ ఉంది. అలాగే టన్నేజ్‌కి ఇంజిన్‌కి పొంతన చూడండి, ముప్పై రెండు వేల గ్రాస్ టన్నుల బల్క్ క్యారియర్‌కి ఇంజిన్ పవర్ ఎనిమిది తొమ్మిది వేల కిలోవాట్ల ప్రాంతంలో ఉండాలి, తొమ్మిది వందలు అని రాసుంటే ఒక సున్నా ఎగిరిపోయిందన్నా అనుకోవాలి, రాసినవాడు ఎప్పుడూ షిప్ చూడలేదన్నా అనుకోవాలి.

ఇంకోటి, మా పని తీరు లెటర్‌లో రాయలేదండీ, గుడ్ కాండక్ట్ అని లేదండీ అని అడుగుతుంటారు. సీమన్ల హక్కుల కోసం దేశాలు చేసుకున్న ఒప్పందం ఎంఎల్‌సీ 2006 ప్రకారం సీమన్‌కి ఇచ్చే సర్వీస్ రికార్డులో పని బాగుందా లేదా అనేది కానీ జీతం ఎంత అనేది కానీ రాయకూడదు. పొగడ్త లేకపోతే లోటేం కాదు, పాత కంపెనీని నేరుగా అడిగినప్పుడు అది వేరే తెలుస్తుంది.

స్టెప్ 2: డీజీ షిప్పింగ్ ప్రొఫైల్ చూడండి

dgshipping.gov.in నుంచి ఈ-గవర్నెన్స్‌లోకి మీ ఇండోస్ లాగిన్‌తో వెళ్తే మీ ప్రొఫైల్ కనిపిస్తుంది. సీమన్లని షిప్పులకి పంపడానికి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉన్న కంపెనీ ద్వారా మీరు షిప్ ఎక్కితే సైన్ ఆన్, సైన్ ఆఫ్ వివరాలు ఆ కంపెనీయే ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. కంపెనీలు ముందు చూసేది ఇదే, ఎందుకంటే ఇది మీరు రాసుకోగలిగేది కాదు.

సురేష్ మొదటి ఎంట్రీ ప్రొఫైల్‌లో ఉంది, సైన్ ఆఫ్ డిసెంబర్ 9 అని ఉంది, సీడీసీతో సరిపోయింది. దాంతో లెటర్‌లోనే తప్పని తేలిపోయింది. రెండో ఎంట్రీ ప్రొఫైల్‌లో అసలు లేదు. లేనంత మాత్రాన దొంగది అనలేం. కంపెనీ సైన్ ఆఫ్ ఎక్కించడం మర్చిపోవడం మామూలే, అప్పుడు మీరు వాళ్ళకి మెయిల్ పెట్టి ఎక్కించమనాలి, దిగిన వారంలోనే చూసుకుంటే ఈజీ, రెండేళ్ళ తర్వాత అంటే అక్కడ మనుషులే మారిపోయుంటారు. కానీ సైన్ ఆన్, సైన్ ఆఫ్ రెండూ లేవంటే మొదటి ప్రశ్న ఒకటే వస్తుంది, బాబూ నిన్ను పంపిందెవరు, వాళ్ళ ఆర్‌పీఎస్‌ఎల్ నంబరెంత? ఆ నంబర్ ఉందా, ఇంకా నడుస్తోందా అనేది డీజీ షిప్పింగ్ సైట్‌లోనే చూసుకోవచ్చు, మీరు డబ్బులు కట్టే ముందే చూసుకోవచ్చు. అసలు ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోవడమే ఎంఎల్‌సీకి విరుద్ధం, మీరు పెట్టుకోవాల్సింది మెడికల్, పాస్‌పోర్ట్, సీడీసీ ఖర్చులు, అంతవరకే.

స్టెప్ 3: ఐఎంఓ నంబర్ లెక్క వేయండి

ఇది కాగితం పెన్ను చాలు, నాకు బాగా ఇష్టమైన చెక్. ఐఎంఓ నంబర్ ఏడు అంకెలు, ఆఖరి అంకె ఊరికే వేసింది కాదు, ముందున్న ఆరు అంకెల నుంచి వస్తుంది. మొదటి అంకెని 7తో, రెండోదాన్ని 6తో, తర్వాత 5, 4, 3, 2తో గుణించి అన్నీ కూడితే వచ్చిన మొత్తంలో చివరి అంకె ఏదో అదే ఏడో అంకె అవ్వాలి. ఉదాహరణకి 9074729 తీసుకోండి:

```
9×7 + 0×6 + 7×5 + 4×4 + 7×3 + 2×2
= 63 + 0 + 35 + 16 + 21 + 4 = 139
చివరి అంకె 9, ఏడో అంకె 9: సరిపోయింది
```

సురేష్ టగ్ లెటర్‌లో, స్టాంపులో కూడా 9346127 అని ఉంది. వేద్దాం:

```
9×7 + 3×6 + 4×5 + 6×4 + 1×3 + 2×2
= 63 + 18 + 20 + 24 + 3 + 4 = 132
చివరి అంకె 2, ఏడో అంకె 7: కుదరలేదు
```

అంటే ఈ నంబర్‌తో ఏ షిప్పూ ఉండదు. లెటర్‌లో ఒక్కచోటే తప్పు పడితే టైపింగ్ అనుకోవచ్చు, రెండు అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చు. స్టాంపులో కూడా అదే తప్పు నంబర్ ఉందంటే ఆలోచించండి, షిప్ స్టాంపు రోజూ పోర్ట్ కాగితాల మీద వేస్తారు, అందులో నంబర్ తప్పుంటే పోర్ట్ వాళ్ళు మొదటి రోజే పట్టుకుంటారు. ఆ స్టాంపు షిప్ మీద పుట్టింది కాదు, ఏదో గదిలో చేయించింది.

ఒక జాగ్రత్త. లెక్క సరిపోయింది కదా అని షిప్ నిజం అయిపోదు, దొంగ లెటర్ చేసేవాడు నిజమైన షిప్ నంబర్ కాపీ కొట్టొచ్చు. ఇంకో వైపు, ఐఎంఓ నంబర్ లేకపోవడమే తప్పూ కాదు, సరుకు షిప్పుల్లో 300 గ్రాస్ టన్నుల నుంచే అది కంపల్సరీ, చిన్న టగ్గులకి లేకపోవచ్చు, వాటికి ఫ్లాగ్ రిజిస్ట్రీ ఇచ్చిన అఫీషియల్ నంబర్ చూస్తారు. సురేష్ టగ్ మాత్రం 498 టన్నులని రాశారు, దానికి ఉండి తీరాలి.

స్టెప్ 4: ఆ తేదీల్లో ఆ షిప్ ఎక్కడుంది

equasis.org లో ఫ్రీగా అకౌంట్ చేసుకోవచ్చు, ఐఎంఓ నంబర్ కొడితే షిప్ పేరు, పాత పేర్లు, ఫ్లాగ్ ఎప్పుడు మారింది, ఏ కంపెనీ నడుపుతోంది, ఏ పోర్ట్‌లో ఏ తేదీన పోర్ట్ స్టేట్ కంట్రోల్ ఇన్‌స్పెక్షన్ జరిగింది అన్నీ వస్తాయి. ఐఎంఓ వాళ్ళ gisis.imo.org లో కూడా అకౌంట్‌తో షిప్ వివరాలు దొరుకుతాయి. ఇక్కడ చూడాల్సింది ప్రస్తుత పేరు కాదు, మీరు ఉన్నప్పటి పేరు. షిప్పులు అమ్ముడవుతూనే ఉంటాయి, పేర్లు మారుతూనే ఉంటాయి, మీ సీడీసీలో ఉన్న పేరు ఇప్పుడు లేదని కంగారు పడకండి. తేడా ఎక్కడొస్తుందంటే షిప్‌కి ఒక పేరు 2023 సెప్టెంబర్‌లో పెట్టారు, మీ ఎంట్రీలో మార్చికే ఆ పేరుంది, అప్పుడు.

ఇన్‌స్పెక్షన్ తేదీలు కూడా బాగా పనికొస్తాయి. సురేష్ బల్క్ క్యారియర్ మార్చి 14న సింగపూర్‌లో ఉందంటున్నాడు, మార్చి 13న బ్రెజిల్‌లో ఇన్‌స్పెక్షన్ అయినట్టు రికార్డుంటే అది అయ్యే పని కాదు, ఒక్క రోజులో షిప్ అంత దూరం రాలేదు. ఇతని కేసులో అలాంటి గొడవేం లేదు, రికార్డు సరిపోయింది. పెద్ద కంపెనీలు డబ్బు కట్టి షిప్ ట్రాకింగ్ డేటా కూడా చూస్తాయి, పాత తేదీన ఏ పోర్ట్‌లో ఉందో గంటతో సహా.

స్టెప్ 5: పాస్‌పోర్ట్ పక్కన పెట్టండి

ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడ. ఎంట్రీ పెట్టించుకునేటప్పుడు సీడీసీ గురించే ఆలోచిస్తారు, పాస్‌పోర్ట్ గుర్తురాదు.

సురేష్ మొదటి ఎంట్రీకి శంషాబాద్‌లో డిపార్చర్ స్టాంపు 2022 మార్చి 12, అంటే రెండు రోజుల ముందు వెళ్ళి హోటల్లో ఉండి 14న ఎక్కాడు, మామూలే. దిగింది పారాదీప్, ఇండియాలోనే, కాబట్టి ఎయిర్‌పోర్ట్ అరైవల్ స్టాంపు ఉండదు, సైన్ ఆఫ్ కాగితాలు, భువనేశ్వర్ నుంచి వచ్చిన టికెట్ చూపించాడు. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో తొమ్మిది నెలల జీతం కంపెనీ పేరుతో పడింది. జీతం పడ్డ స్టేట్‌మెంట్‌ని మించిన సాక్ష్యం ఉండదనేది నా అభిప్రాయం, చేసిన పనికి చేతికి క్యాష్ ఇచ్చారండీ అనే మాట మాత్రం వినగానే చెవులు నిక్కబొడుచుకునేవి.

ఇక టగ్. 2023 మార్చి 3న శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్ళాడు, వీసా చూస్తే విజిట్ వీసా. మే 28న శంషాబాద్‌లో అరైవల్ స్టాంపు. ఆ తర్వాత డిపార్చర్ స్టాంపే లేదు. ఎంట్రీ ప్రకారం ఇతను 2024 ఫిబ్రవరి దాకా టగ్ మీద ఉన్నాడు! అడిగితే ఇప్పుడు చాలా చోట్ల స్టాంపు వేయట్లేదండీ అంటారు. బయటి దేశాల విషయంలో అది కొంత నిజమే, కొన్ని ఎయిర్‌పోర్టుల్లో గేటు దాటేస్తే చాలు. కానీ ఇక్కడ సమస్య ఇండియాలోకి వచ్చిన స్టాంపుది, వచ్చాక మళ్ళీ వెళ్ళినట్టు ఏమీ లేకపోవడానిది.

దాని మీద ఇంకోటి. ఫైల్‌లో కోర్సు సర్టిఫికెట్లు ఉంటాయి కదా, అందులో ఒకటి 2023 ఆగస్టులో చెన్నైలో చేసిన కోర్సు, అటెండ్ అయిన తేదీలతో సహా. షార్జా టగ్ మీద డ్యూటీ చేస్తూ చెన్నైలో క్లాసులో కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు. మెడికల్ సర్టిఫికెట్ తేదీ, ప్లేసు కూడా ఇలాగే చూస్తారు. కాబట్టి మీ ఫైల్ మీరు చెక్ చేసుకునేటప్పుడు ఒక కాగితం మీద నెలలు వరసగా రాసుకుని ఎంట్రీలు, స్టాంపులు, కోర్సులు, మెడికల్స్ అన్నీ తేదీల వారీగా పెట్టండి, నిజమైన ఫైల్ అయితే ఒకదానికొకటి అడ్డం రావు. పాస్‌పోర్ట్ మారితే పాతది కూడా తీసుకెళ్ళండి, పాతది పోయింది అంటే అనుమానం మీ మీదకే వస్తుంది.

స్టెప్ 6: పాత కంపెనీకి వెళ్ళే మెయిల్

ఆఖరున కొత్త కంపెనీ పాత కంపెనీకి రాస్తుంది. పేరు, ర్యాంక్, షిప్, తేదీలు కరెక్టేనా, ఎందుకు దిగాడు, మళ్ళీ తీసుకుంటారా, ఇంతే అడుగుతారు. అసలు కిటుకు ఏంటంటే లెటర్ మీద ఉన్న ఫోన్‌కి, మెయిల్‌కి రాయరు. దొంగ లెటర్ మీద నంబర్ కూడా ఆ లెటర్ చేసినవాడిదే ఉంటుంది, ఫోన్ చేస్తే అవునండీ మావాడే అని ఎంతో మర్యాదగా చెప్తాడు. ఈక్వాసిస్‌లో షిప్ నడిపే కంపెనీ పేరు చూసి, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో క్రూయింగ్ డిపార్ట్‌మెంట్ అడ్రస్ వెతికి దానికి రాస్తారు. లెటర్ మీద మామూలు జీమెయిల్ ఉంటే ఆ కంపెనీ నిజంగా చిన్నదే అయినా సరే రెండో దారిలో కన్ఫర్మ్ చేసుకుంటారు.

విదేశీ ఫ్లాగుల సీమన్ బుక్ విషయంలో ఒక అపోహ ఉంది. ఫ్లాగ్ దేశాల వెబ్‌సైట్‌లో వెరిఫై చేస్తే గ్రీన్ టిక్ వచ్చిందండీ అంటారు. సీమన్ల ట్రైనింగ్, సర్టిఫికెట్ల మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ ప్రకారం 2017 నుంచి ఆయా దేశాలు తాము ఇచ్చిన సర్టిఫికెట్ల స్టేటస్ ఆన్‌లైన్‌లో చూసుకునేలా పెట్టాలి, అది నిజమే. కానీ ఆ టిక్ చెప్పేది ఆ సర్టిఫికెట్ వాళ్ళే ఇచ్చారని, అంతవరకే. లోపల రాసిన సీ సర్వీస్ నిజమా అనేది దాంతో తేలదు, దానికి పైన చెప్పిన స్టెప్పులన్నీ చేయాల్సిందే.

సురేష్ టగ్ లెటర్‌కి మెయిల్ దాకా వెళ్ళాల్సిన పనే లేదు. ఇలాంటి ఫైల్ వస్తే మంచి కంపెనీ రిజెక్ట్ చేసి ఊరుకోదు, డీజీ షిప్పింగ్‌కి రిపోర్ట్ చేసే వాళ్ళూ ఉన్నారు, అప్పుడు సీడీసీకే ఎసరు, నిజంగా కష్టపడి చేసిన మొదటి 271 రోజులు కూడా దాంతోపాటే పోతాయి. పేజీ చింపేస్తే సరిపోదా అని అడిగిన వాళ్ళున్నారు. పేజీలకి నంబర్లుంటాయి, చింపితే అది ఇంకో నేరం. అలాంటి ఎంట్రీ ఉన్నవాళ్ళు దాన్ని అనుభవం కింద అప్లికేషన్‌లో రాయకుండా, అడిగితే ఏజెంట్ ఏం చేశాడో ఉన్నదున్నట్టు చెప్పి, డబ్బు కట్టిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు పెట్టుకుని ఆ ఏజెంట్ మీద డీజీ షిప్పింగ్‌కి, పోలీసులకి కంప్లయింట్ ఇవ్వడం ఒక్కటే నాకు తెలిసిన దారి. అది కూడా ఎవరో పట్టుకున్నాక కాదు, ముందే.

తప్పు తేదీ ఎలా సరిచేయించాలి

ఇప్పుడు మొదటి ఎంట్రీలో ఆ ఒక్క రోజు సంగతి. లెటర్‌లో తప్పు కాబట్టి లెటర్ ఇచ్చిన కంపెనీ క్రూయింగ్ వాళ్ళకే మెయిల్ పెట్టాలి, సీడీసీ ఎంట్రీ పేజీ స్కాన్, డీజీ ప్రొఫైల్ ప్రింట్ రెండూ జతచేసి, సైన్ ఆఫ్ డిసెంబర్ 9 అయితే లెటర్‌లో 10 పడింది, సరిచేసి కొత్తది ఇవ్వండి అని. కొత్త లెటర్ వచ్చాక కూడా పాతది పారేయకండి, ఇప్పటికే ఎవరికైనా పాత కాపీ ఇచ్చి ఉంటే రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయో ఆ మెయిల్ చూపించొచ్చు.

తప్పు సీడీసీలోనే ఉంటే షిప్ దిగేలోపే పట్టుకోవాలి, అందుకే గ్యాంగ్‌వే దగ్గర హడావుడిలో బుక్ తీసుకుని బ్యాగ్‌లో పడేయకుండా పేరు, ఐఎంఓ నంబర్, ర్యాంక్, రెండు తేదీలు అక్కడే చదవండి. తప్పుంటే మాస్టర్ దాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, అక్కడ కూడా సంతకం, స్టాంపు వేయాలి. వైట్‌నర్ పూసినా, అంకె మీద అంకె దిద్దినా, చేసింది మాస్టరే అయినా సరే, చూసేవాడికి మీరు దిద్దినట్టే కనిపిస్తుంది. దిగిపోయాక తెలిస్తే బుక్ ముట్టుకోకుండా కంపెనీ నుంచి సరైన వివరాలతో లెటర్ తీసుకుని, అది జతచేసి షిప్పింగ్ మాస్టర్ ఆఫీసుకి రాయండి, మన వైపు వాళ్ళకి దగ్గరది చెన్నై, పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు, ఒరిజినల్ సీడీసీ, పాస్‌పోర్ట్ రెండూ చేతిలో పెట్టుకుని వెళ్ళండి.